కథను నాటికగా రాశాక రిహార్సల్లో సీన్ తేలిపోతుంటే

సమస్య: కథలో గుండె పట్టేసిన ఘట్టం, స్క్రిప్టుగా చదివినా బాగానే ఉంది. నటులు లేచి నిలబడి చేస్తే మాత్రం చప్పగా ఉంది.

నటుల్ని మార్చకండి. ముందు రంగసూచనల్లో కంటికి కనపడనివి, చెవికి వినపడనివి అన్నీ కొట్టేసి, మిగిలింది కథ చదవని మనిషికి వినిపించండి. ఏం జరుగుతోందో ఆయనకు అర్థం కాకపోతే లోపం స్క్రిప్టులోనే ఉంది. ఈ ఒక్క పరీక్ష చాలామంది చేయరు.

కారణం: కథలో రచయిత చెప్పిన మాటలు బ్రాకెట్లలోకి వెళ్లి దాక్కుంటాయి. ఉదాహరణకు కథలో, “కొడుకు పొలం అమ్మేశాడని సుబ్బమ్మకు అప్పటికే తెలుసు. అడగబుద్ధి కాలేదు” అని ఉందనుకోండి. దాన్ని ఇలా రాస్తారు:

సుబ్బమ్మ: (పొలం సంగతి తెలిసినా తెలియనట్టు) అన్నం తిన్నావా?

ప్రేక్షకుడికి వినపడేది “అన్నం తిన్నావా” ఒక్కటే. స్క్రిప్టు పట్టుకున్న ప్రతివాళ్లూ, దర్శకుడితో సహా, బ్రాకెట్ కూడా చదువుతారు కాబట్టి లోటు ఎవరికీ తెలియదు. సూచన తప్పని కాదు, నటికి అది పనికొస్తుంది. హాల్లో కూర్చున్నవాళ్లకు చేరదు, అంతే.

“నువ్వు పొలం అమ్మావని నాకు తెలుసురా” అనిపిస్తే విషయం చేరుతుంది కానీ, ఆమె దాచుకున్న బాధ పోతుంది. స్వగతం పెట్టినా అంతే. అందుకే విషయాన్ని కొడుకు రాకముందే, ఇంకొకరి నోట చెప్పించాలి:

వీరయ్య: మీ చేలో ఎవరో కొత్తవాళ్లు హద్దురాళ్లు పాతుతున్నారు వదినా!

(వీరయ్య వెళ్తాడు. సుబ్బమ్మ బియ్యం చేట కింద పెడుతుంది. శీను వస్తాడు.)

సుబ్బమ్మ: అన్నం తిన్నావా?

శీను: తిన్నానమ్మా.

సుబ్బమ్మ: ఈ ఏడు మన బియ్యం వస్తాయా, కొనుక్కోవాలా?

శీను: (చేట వైపు చూసి) కొందాంలే.

ఇప్పుడు ఆమెకు తెలుసని మనకు తెలుసు, శీనుకు తెలియదు. బ్రాకెట్లలో మిగిలినవన్నీ చివరి వరుసకు కూడా కనపడే పనులే. కథలో లేని వీరయ్యను తెచ్చామని బెంగ వద్దు. రచయిత గొంతు తీసేసినప్పుడు ఆ పని ఎవరో ఒకరు చేయాలి.

సమస్య: పాత్ర ప్రతిసారీ ఆలస్యంగా వస్తోంది.

ఏ మాట వినగానే నటుడు రంగం మీదికి రావాలో ఆ క్యూ మాట డైలాగు మధ్యలో ఉండి ఉంటుంది. “అదుగో శీను వస్తున్నాడు, కాళ్లకు నీళ్లు పెట్టు, కంచం కడుగు” అని రాస్తే నటుడు ఎక్కడ కదలాలో తేల్చుకోలేడు. “కంచం కడుగు, నీళ్లు పెట్టు, అదుగో శీను” అని తిప్పండి. తలుపు చప్పుడు కూడా దానికి జవాబిచ్చే డైలాగుకు ముందే రాయాలి.

లైట్ల వల్లో సంగీతం వల్లో సీన్ పోవడం అరుదు, వాటిని చివర చూసుకోండి. శీను, శ్రీను లాంటి పేర్లు ఒకే సీన్లో ఉంటే ఒకటి మార్చేయండి.