స్క్రీన్‌షాట్ నుంచి సరుకు దాకా – 4వ పాఠం: అంచు పట్టుకుని చీరను వెతకడం

గత మూడు పాఠాల్లో గిన్నెలు, దీపాలు, సంచుల్లాంటి అచ్చు సరుకు చూశాం. ఫ్యాక్టరీలో తయారైన వస్తువు వేల సంఖ్యలో ఒకేలా ఉంటుంది కాబట్టి ఫొటోతో ఫొటో కలిస్తే పని దాదాపు అయిపోయినట్టే. చేనేత చీర దగ్గర ఆ పద్ధతి పనిచేయదు. రీల్‌లో కనిపించిన చీర మగ్గం మీద ఆ రంగులో ఒకటో రెండో నేసి ఉండొచ్చు. అందుకే ఈ పాఠంలో చీర మొత్తాన్ని కాకుండా, మారకుండా ఉండే ఒక్క భాగాన్ని పట్టుకుని వెతుకుతాం. ఆ భాగం అంచు.

అంచే ఎందుకంటే, చీర పొడవునా నడిచేది పడుగు, అడ్డంగా పడేది పేక. అంచులోని జరీ పోగులు పడుగులోనే కూర్చి ఉంటాయి. ఒక పడుగు మీద అనేక చీరలు నేస్తారు. మధ్యలో పేక రంగు మార్చితే ఒంటి రంగు మారిపోతుంది, కొంగు చారలూ మారతాయి. అంచు వెడల్పు, అందులోని పని మాత్రం ఆ పడుగు అయిపోయేదాకా అలాగే వస్తాయి. కాబట్టి మీరు చూసిన ముదురాకుపచ్చ చీర అమ్ముడైపోయినా, అదే పడుగు మీద పుట్టిన దాని తోబుట్టువులు ఎక్కడో అరలో ఉండే అవకాశం ఉంది. మన వెతుకులాట వాటి కోసమే.

ఉదాహరణగా ఈ స్క్రీన్‌షాట్ తీసుకుందాం. ముదురాకుపచ్చ ఒళ్లు, దాని మీద బుటా ఏమీ లేదు. బంగారు జరీ అంచు, అంచు లోపలి గట్టున చిన్న చిన్న గోపురం మొనల్లాంటి వరస. కొంగు మీద అడ్డ చారలు. ఒకామె అంచును చేత్తో పట్టుకుని కెమెరాకు చూపిస్తోంది. పేరు లేదు, ధర లేదు, కామెంట్లలో అడిగినవాళ్లకు జవాబూ లేదు.

ముందు ఫ్రేమ్ సరిగ్గా పట్టుకోవాలి. వీడియో కదులుతున్నప్పుడు తీసిన స్క్రీన్‌షాట్‌లో జరీ పని అలుక్కుపోయి ఉత్త పసుపు పట్టీలా కనిపిస్తుంది. చెయ్యి ఆగిన క్షణం దగ్గర వీడియోను నిలిపి మూడు ఫ్రేములు తీయండి: అంచు దగ్గరగా ఉన్నది, కొంగు విప్పినది, కుచ్చిళ్లు తిరగబడి చీర వెనక వైపు కనిపించేది. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. అచ్చు వేసిన బట్ట అయితే వెనక వైపు రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంటుంది. నేసిన అంచయితే వెనక వైపూ జరీ మెరుపు ఉంటుంది. నకలును ఏరేసే మొదటి జల్లెడ ఇదే.

ఇప్పుడు గూగుల్ లెన్స్. ఫ్రేమ్ మొత్తం ఇస్తే మనిషి, గోడ, నగలు అన్నీ కలిసి ఆకుపచ్చ పట్టుచీరల వరద వస్తుంది, ఎందుకంటే చిత్రంలో ఎక్కువ భాగం ఆక్రమించింది ఆ రంగే. ఎంపిక పెట్టెను లాగి, అంచును మాత్రమే లోపల ఉంచండి. అంచు పక్కన ఒంటి బట్ట కొద్దిగా కనిపించేలా వదలండి. అంచు ఒక్కటే ఇస్తే అది లేసు, రిబ్బన్లు కూడా చూపిస్తుంది. తర్వాత ఆ చిత్రానికి మాటలు జోడించాలి. బుటా లేని ఒళ్లు, గోపురం మొనల జరీ అంచు, చారల కొంగు కలిస్తే మన ప్రాంతం వాళ్లకు ముందు తట్టేది మంగళగిరి నేత, అందులోని నిజాం అంచు. అమ్మేవాళ్లు సరుకుకు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెడతారు కాబట్టి మనమూ అలాగే కొట్టాలి:

```
mangalagiri cotton saree nizam border
mangalagiri pattu saree nizam border
```

మొదటి వెతుకులాటలో రంగు పేరు కలపకండి. కలిపితే తోబుట్టువులన్నీ జారిపోతాయి. రెండు వరసలూ విడివిడిగా వెతకడానికీ కారణం ఉంది. ఇదే తరహా అంచు నూలు మీదా వస్తుంది, పట్టు మీదా వస్తుంది, ధరలో చాలా తేడా ఉంటుంది. స్క్రీన్‌షాట్‌లో మడతలు చూడండి. నూలు మడత గట్టిగా నిలబడుతుంది, వెలుగు సమంగా పరుచుకుంటుంది. పట్టు కలిస్తే మడత ఒంపు మీద మెరుపు గీతలా పరుగెడుతుంది. గంజి పెట్టిన కొత్త నూలు చీర కూడా కొంచెం మెరుస్తుంది కాబట్టి దీన్ని తీర్పుగా కాక అనుమానంగానే ఉంచుకోండి.

వచ్చిన ఫలితాల్లో ఒకే ఫొటో నాలుగైదు దుకాణాల పేర్ల మీద కనిపిస్తే, వాళ్లలో చాలామంది దగ్గర ఆ చీర ఉండదు. ఆర్డరు వచ్చాక బయట కొని పంపేవాళ్లే ఎక్కువ. ఒకే నేల మీద, ఒకే వెలుగులో రకరకాల చీరలు పరిచి ఫొటోలు పెట్టిన దుకాణాన్ని నమ్మొచ్చు.

ఇక అంచు కొలత. వీడియోలో టేపు ఉండదు, కానీ గాజులు ఉంటాయి. 2.4 గాజు అంటే లోపలి వ్యాసం 2 అంగుళాల 4/16, అంటే రెండుంపావు అంగుళాలు. 2.8 అయితే రెండున్నర. అంచు పట్టుకున్న చేతికే ఉన్న గాజును చూడండి. అది చీరకు ఎంత దగ్గరగా ఉంటే లెక్క అంత నిలుస్తుంది. మణికట్టు మీద గాజు కోలగా కనిపిస్తుంది కాబట్టి పొడవు వైపే కొలవాలి. స్క్రీన్ మీద స్కేలు పెడితే మన ఫ్రేములో గాజు లోపలి కొలత 18 మిల్లీమీటర్లు, అంచు 12 మిల్లీమీటర్లు వచ్చాయనుకోండి. అంచు గాజులో మూడింట రెండొంతులు. గాజు 2.4 అయితే అంచు ఒకటిన్నర అంగుళం, 2.8 అయితే ఇంచుమించు ఒకటీ ముప్పావు అంగుళానికి కాస్త తక్కువ. గాజు సైజు తెలియకపోయినా అంచు దాదాపు ఆ రెండింటి దరిదాపుల్లోనే ఉంటుంది. నాలుగంగుళాల అంచు చూపించే దుకాణాలను ఇక తెరవక్కర్లేదు.

రంగు విషయంలో స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి. ఫ్రేములో తెల్లగా ఉండాల్సిన వస్తువును, స్విచ్‌బోర్డునో గోడనో, చూడండి. అది పసుపుగా కనిపిస్తే చీర అసలు రంగు మీరు చూసినదానికంటే నీలం వైపు ఉంటుంది. మన ఉదాహరణలో స్విచ్‌బోర్డు మీగడ రంగులో ఉంది. అంటే ఆ ఆకుపచ్చ బాటిల్ గ్రీన్‌కో నెమలిపింఛం రంగుకో దగ్గర కావచ్చు. మడత తిరిగినచోట రంగు మారుతుంటే పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అని గుర్తు. దుకాణంలో అడిగేటప్పుడు రెండు రంగులూ చెప్పండి.

ప్రత్యామ్నాయం ఏరేటప్పుడు అంచు పని, అంచు వెడల్పు, నూలా పట్టా అనే మూడింటిని వదలకండి. కొంగు చారలు, ఒంటి రంగు సర్దుకోవచ్చు. ఆ రంగే కావాలని పట్టుబడితే ఎక్కువగా దొరికేది అదే రంగులో మరమగ్గం బట్ట.

విజయవాడ, గుంటూరు వాళ్లకు మంగళగిరి దారిలోనే ఉంది, వెళ్లి చూడటమే మేలు. విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో అడిగినా సరే. ఫోన్లో రాత్రి మోడ్ తీసేసి, అంచు క్రాప్ మాత్రమే చూపించండి. చీర మొత్తం చూపిస్తే ఆకుపచ్చవన్నీ మీ ముందు పరుస్తారు. “ఇదే నిజాం అంచు, ఒకటిన్నర అంగుళం, నూలు, ఏ రంగులో ఉన్నా తీయండి” అనండి. ఆన్‌లైన్‌లో కొంటే కిటికీ వెలుగులో తీసిన చిన్న వీడియో అడగండి. అందులో అంచు వెనక వైపు, అంచు పక్కన పెట్టిన టేపు కనిపించాలి. జాకెట్టు ముక్క కలిసి ఉందో లేదో, పొడవు ఎన్ని మీటర్లో రాయించుకోండి. చీర ఐదున్నర మీటర్లయితే జాకెట్టు ముక్కతో ఆరు పైన వస్తుంది.

చేతికొచ్చాక నూలు అవునో కాదో తేల్చుకోవాలంటే కొంగు చివరి కుచ్చులోంచి రెండు పోగులు తీసి, చీరకు దూరంగా, పళ్లెంలో కాల్చండి. నూలయితే కాగితం వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. జరీ పోగు ఈ పరీక్షకు వాడకండి.

ఈ వారం అభ్యాసం: మీ ఫోన్లో దాచుకున్న ఏదైనా చీర రీల్ తీసుకుని మూడు ఫ్రేములు, అంచు వెడల్పు అంచనా, రెండు వెతుకులాట వరసలు ఒక కాగితం మీద రాయండి. 5వ పాఠంలో గాజులూ చేతులూ కనిపించని వీడియోలో, ఉత్త గోడకు వేలాడదీసిన బట్టను ఎలా కొలవాలో చూద్దాం.