చిత్రాల కుదింపు, ఆరో పాఠం: చీరలో లేని నల్ల పోగు

బరంపురంలో మా వెనక వీధిలో మగ్గం మీద పట్టుచీరలు నేసే ఒక పెద్దాయనకు నేను అప్పుడప్పుడు చీరల ఫొటోలు తీసి పెడుతుంటాను. ఒకసారి ఎర్ర చీరకు ఆకుపచ్చ అంచు ఉన్న ఫొటోను 3600 పిక్సెళ్ళ వెడల్పు నుంచి 600కు కుదించి, ఆయన కొనుగోలుదారులకు పంపాను. రెండు రోజుల తరువాత ఆయన ఫోను తీసుకుని ఇంటికి వచ్చి, ఎరుపూ పచ్చా కలిసే చోట వేలు పెట్టి చూపించి, "బాబూ, ఈ నల్ల పోగు నేను నేయలేదు. అక్కడ పోగు మాసిందా అని అడుగుతున్నారు" అన్నారు. అసలు ఫొటో తెరిచి పెద్దది చేసి చూస్తే అక్కడ నలుపన్నదే లేదు. ఎరుపు ముగిసిన చోట పచ్చ మొదలవుతోంది, అంతే. నల్ల గీత పుట్టింది నేను చేసిన కుదింపులోనే. అది ఎలా పుడుతుందో, ఎలా తప్పించవచ్చో ఈ పాఠంలో చూద్దాం.

ఐదో పాఠంలో చెప్పుకున్న ఒక విషయాన్ని ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. చిత్రాన్ని ఆరో వంతుకు కుదించడమంటే, అసలు చిత్రంలోని 6×6 గడి, అంటే 36 పిక్సెళ్ళ స్థానంలో ఒకే పిక్సెల్‌ను పెట్టడం. ఆ ఒక్క పిక్సెల్ రంగు ఏమిటన్నది సగటు తీసి నిర్ణయిస్తాము. చీరను కొంత దూరం నుంచి చూసినప్పుడు మన కంటిలో జరిగేది కూడా ఇలాంటిదే. విడిగా కనబడని సన్నని పోగుల నుంచి వచ్చే కాంతి కంటిలో కలిసిపోతుంది. కాబట్టి సరైన సగటు అంటే కాంతికి తీసిన సగటు. చిక్కు ఎక్కడుందంటే, ఫైలులో 0 నుంచి 255 వరకు ఉండే అంకెలు కాంతి కొలతలు కావు.

కెమెరా సెన్సర్ కాంతిని ఉన్నదున్నట్టుగానే కొలుస్తుంది. రెట్టింపు కాంతి పడితే రెట్టింపు విలువ వస్తుంది. కానీ ఆ విలువను అలాగే 8 బిట్లలో దాస్తే, మన కన్ను తేలికగా తేడా పట్టగల చీకటి ఛాయలకు చాలా కొద్ది అంకెలే మిగులుతాయి, తేడా పట్టలేని వెలుగు ఛాయలకు లెక్కకు మించి పోతాయి. అందుకని దాచే ముందు ఆ విలువను ఒక వంపు గుండా పంపి, చీకటి వైపు ఎక్కువ అంకెలు పడేలా సర్దుతారు. ఆ వంపునే గామా అంటున్నాము. వెబ్‌లోనూ ఫోన్లలోనూ ఎక్కువగా కనబడే sRGB పద్ధతిని 1999లో ప్రమాణంగా ప్రచురించారు. ఫైలులోని అంకెను 255తో భాగిస్తే వచ్చేది c అనుకుంటే, దాని వెనుక ఉన్న కాంతి L ఇలా వస్తుంది:

```
c <= 0.04045 :  L = c / 12.92
c >  0.04045 :  L = ((c + 0.055) / 1.055) ^ 2.4
```

ఈ సూత్రాన్ని కంఠస్థం చేయనక్కరలేదు, ఒక్క అంకె గుర్తుంటే చాలు. ఫైలులో 128 అని ఉన్న బూడిద రంగు, తెలుపులోని కాంతిలో సగం కాదు. అది సుమారు 22 శాతం మాత్రమే. నిజంగా సగం కాంతి ఇచ్చే బూడిద రంగు 188 దగ్గర ఉంటుంది. ఒక నల్ల పిక్సెల్‌ను, ఒక తెల్ల పిక్సెల్‌ను కలిపి ఒకటి చేసేటప్పుడు, ఫైలులోని 0కూ 255కూ నేరుగా సగటు తీస్తే 128 వస్తుంది. అంటే రావలసిన కాంతిలో సగం కూడా మిగలలేదు. వంపు ఉన్న తీరు వల్ల ఈ తప్పు ఎప్పుడూ ఒకే వైపుకు పోతుంది. గామా విలువలకు తీసిన సగటు నిజమైన కాంతి సగటు కన్నా తక్కువే అవుతుంది తప్ప ఎప్పుడూ ఎక్కువ కాదు. కలిపే రెండు విలువలు దగ్గర దగ్గరగా ఉంటే తేడా కంటికి ఆనదు. అవి ఎంత దూరమైతే నష్టం అంత పెరుగుతుంది. ముఖాల ఫొటోలలో, ఆకాశంలో ఈ దోషం సంవత్సరాల తరబడి కనబడకుండా దాగి ఉండడానికి కారణం ఇదే.

ఇప్పుడు చీర దగ్గరకు వద్దాం. ఆ ఫొటోలోని రంగులను లెక్కకు సులువుగా ఉండేలా కొంచెం సర్ది, ఎరుపును (200, 20, 30) అనీ, ఆకుపచ్చను (0, 130, 60) అనీ అనుకుందాం. కలయిక గీత సరిగ్గా ఒక గడి మధ్యలోంచి పోయి, 36 పిక్సెళ్ళలో 18 ఎరుపు, 18 పచ్చ ఉన్నాయనుకుందాం. ఫైలులోని అంకెలకు నేరుగా సగటు తీస్తే (100, 75, 45) వస్తుంది. అది ముదురు మట్టి రంగు. అదే, ప్రతి అంకెనూ పై సూత్రంతో కాంతిగా మార్చి, సగటు తీసి, తిరిగి గామాలోకి తెస్తే (146, 95, 48) వస్తుంది. మూడు అంకెలలో మొదటిది ఎరుపు వరుస, తరువాతివి పచ్చ, నీలం వరుసలు. ఎరుపు వరుసను మీరే లెక్క వేసి చూడండి. 200 వెనుక ఉన్న కాంతి 0.578, 0 వెనుక ఉన్నది 0, సగటు 0.289, దానిని తిరిగి అంకెగా మారిస్తే 146.

ఈ రెండు జవాబులలో ఏది ఎంత వెలుగుగా ఉందో కూడా కొలవవచ్చు. తెలుపు వెలుగును 1 అనుకుంటే, మన ఎరుపు వెలుగు సుమారు 0.129, పచ్చ వెలుగు 0.163. వాటి మధ్య పిక్సెల్ ఈ రెంటికీ నడుమ, 0.146 దగ్గర ఉండాలి. కాంతిలో తీసిన సగటు సరిగ్గా అక్కడే పడుతుంది. ఫైలు అంకెల సగటు మాత్రం 0.079 దగ్గరకు దిగిపోతుంది. అంటే ఆ పిక్సెల్ పక్కనున్న ఎరుపు కన్నా, పక్కనున్న పచ్చ కన్నా కూడా చీకటిగా ఉంది. రెండు వైపులా వెలుగు ఉండి మధ్యలో మాత్రం చీకటి ఉంటే, కన్ను దానిని నీడగానో మరకగానో కాక గీతగా చదువుతుంది. ఆ పెద్దాయన నల్ల పోగు అన్నది దీనినే.

ఎరుపు, పచ్చ కలిసినప్పుడే ఇంత స్పష్టంగా కనబడడానికి కారణం ఉంది. రెండు రంగుల మొత్తం వెలుగు దాదాపు సమానమే అయినా, ఒక్కొక్క వరుసను విడిగా చూస్తే ఒకటి పైన, ఒకటి కింద ఉన్నాయి. ఎరుపు వరుసలో 200, 0. పచ్చ వరుసలో 20, 130. రెండు వరుసలలోనూ విలువలు దూరంగా ఉన్నందున రెండింటిలోనూ నష్టం వస్తుంది. పక్కపక్క రంగుల వెలుగు సమానం కాబట్టి ఆ నష్టాన్ని కప్పిపుచ్చేది ఏదీ లేదు. బరంపురం పట్టుచీరల అంచులో ఫోడా అని పిలిచే కోసు కుంభాలు వరుసగా పైకి లేచి ఉంటాయి కదా, అక్కడ పరిస్థితి మరీ చెడుతుంది. కోసుల మొనల దగ్గర ఎరుపూ పచ్చా రెండూ దాదాపు ప్రతి గడిలోనూ పడతాయి. దానితో ఒక్క గీత కాకుండా ఆ పట్టీ మొత్తం మసకబారుతుంది. జరీకి కూడా ఇదే గతి. 20 విలువ ఉన్న ముదురు నేల మీద 240 విలువ ఉన్న జరీ పోగు గడిలో పావు వంతు మాత్రమే ఆక్రమించిందనుకోండి. కాంతిలో సగటు తీస్తే 130 వస్తుంది, ఫైలు అంకెలతో తీస్తే 75. మెరుపు పోయిందని నేతగాడు బాధపడితే అందులో తప్పేమీ లేదు.

ఇక చేయవలసిన పని చూద్దాం. కుదించే ముందు కాంతి విలువల్లోకి మార్చాలి, అక్కడ కుదించాలి, తరువాత గామాలోకి తిరిగి రావాలి. ఈ మూడు అడుగులూ ఇమేజ్‌మ్యాజిక్‌లో ఒకే ఆజ్ఞగా రాయవచ్చు:

```
magick cheera.tif -colorspace RGB -filter Lanczos -resize 600x -colorspace sRGB cheera-600.jpg
```

ఈ ప్రోగ్రాములో RGB అన్న పేరు లీనియర్ కాంతిని, అంటే గామా వంపు లేని విలువలను, sRGB అన్నది గామాతో ఉన్న విలువలను సూచిస్తాయి. క్రమం తప్పకూడదు. రెండో మార్పు మరిచిపోతే చిత్రం చీకటిగా వచ్చే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మధ్యలో ఉండే కాంతి విలువలను 8 బిట్లలో దాస్తే, ఒక నల్ల గీతను పోగొట్టబోయి చీకటి ప్రాంతాలన్నిటినీ పాడు చేసుకుంటాము. 8 బిట్ల లీనియర్‌లో సున్నా తరువాతి మెట్టు, తిరిగి గామాలోకి వచ్చేసరికి 13 అవుతుంది. అంటే 1 నుంచి 12 వరకు ఉన్న ఛాయలన్నీ అయితే 0, లేకుంటే 13 అయిపోతాయి, ముదురు పట్టు మడతల్లో మెట్లు మెట్లుగా పట్టీలు కనబడతాయి. అందువల్ల మధ్య దశ 16 బిట్లలోనో, దశాంశ విలువల్లోనో ఉండాలి. `magick -version` అని అడిగితే వచ్చే మొదటి వరుసలో Q16 అని ఉంటే సరిపోతుంది. Q8 అని ఉంటే ఈ పనికి దానిని వాడకండి.

మీరు వాడే ప్రోగ్రాము కాంతిలో కుదిస్తుందో, అంకెలతోనే కుదిస్తుందో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపుగా చదరంగపు బల్లలా నింపిన చిత్రాన్ని తయారు చేసి, సరిగ్గా సగానికి కుదించి, మధ్యలోని రంగును చుక్క పరికరంతో చదవండి. 128 దగ్గర వస్తే అంకెలతో, 188 దగ్గర వస్తే కాంతితో కుదించిందన్న మాట. కుదించని చిత్రాన్ని నూరు శాతం పరిమాణంలో తెర మీద పెట్టి, పక్కన 128, 188 బూడిద గడులను ఉంచి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. చదరంగపు బల్ల 188తో కలిసిపోవడం మీకే కనబడుతుంది.

అయితే అంచు దగ్గర కనబడిన ప్రతి చీకటి గీతకూ గామాయే కారణమనుకోకూడదు. ఫిల్టర్ అంటే సగటులో ఏ పిక్సెల్‌కు ఎంత బరువు ఇవ్వాలో చెప్పే పద్ధతి. లాంచోస్ వంటి ఫిల్టర్లలో కొన్ని బరువులు రుణాత్మకంగా ఉంటాయి. అందువల్ల వెలుగు అంచు పక్కన, చీకటి వైపున ఇంకా చీకటైన వలయం పుడుతుంది. కాంతిలో కుదించినప్పుడు ఆ నల్ల వలయం తగ్గకపోగా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ రెంటినీ వేరు చేయాలంటే, అదే చిత్రాన్ని `-filter Triangle` తో మళ్ళీ కుదించండి. దానిలో రుణాత్మక బరువులు లేవు. గీత పోతే అది ఫిల్టర్ వలయం. గీత అలాగే ఉండి, కాంతిలోకి మార్చి కుదించినప్పుడు మాత్రమే పోతే అది గామా దోషం.

తెల్ల కాగితం మీద సన్నని నల్ల అక్షరాలున్న స్కాన్లకు మాత్రం నేను కాంతిలో కుదింపు వాడను. లెక్క ప్రకారం అది సరైనదే, కానీ అక్షరాలు సన్నబడి వెలిసిపోయినట్టు కనబడతాయి. అంకెలతో కుదిస్తే వచ్చే కొద్దిపాటి చీకటి అక్కడ చదవడానికి సాయపడుతుంది.

ఆ చీర ఫొటోను పై ఆజ్ఞతో మళ్ళీ కుదించి పెద్దాయనకు పంపాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి, ఫోను దగ్గరగా పెట్టుకుని అంచంతా చూసి, "ఇప్పుడు నా మగ్గం మీద ఉన్నట్టుంది" అన్నారు. చీరను నేపథ్యం నుంచి కత్తిరించి పారదర్శకంగా దాచినప్పుడు చుట్టూ వచ్చే నల్ల అంచు మాత్రం ఇంకో రకం. అక్కడ కనబడని పిక్సెళ్ళలో దాగిన నలుపు సగటులోకి చేరుతుంది. దానిని ఏడో పాఠంలో చూద్దాం. అప్పటిలోగా చదరంగపు బల్ల పరీక్షను మీ ఫోనులోని ఫొటో ప్రోగ్రాముతో చేసి, వచ్చిన అంకెను రాసి ఉంచుకోండి.