చిమ్నీ పొగ లాగడం లేదా? ఫిల్టర్ కడిగాక డక్టు వైపు చూడండి

వంటింట్లో అంటుకున్న మంట చిమ్నీ గొట్టం గుండా పైకి పాకిందన్న వార్త చదవగానే చాలామంది ఫిల్టర్ కడగడానికి పూనుకుంటారు. మంచిదే. కానీ ఫిల్టర్ దాటిపోయిన నూనె ఆవిరి ఎవరూ చూడని డక్టులో చల్లబడి జిడ్డుగా పేరుకుంటుంది. మంట అక్కడికి చేరిందంటే ఆర్పడం చాలా కష్టం.

పొగ సరిగా పోవడం లేదని మోటారును అనుమానించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. స్టవ్ ఆర్పి, చిమ్నీని గరిష్ఠ వేగంలో పెట్టి, ఫిల్టర్‌కు కింద నుంచి ఒక పలుచని కాగితం ఆనించండి. అంటుకుని నిలబడితే లాగుడు బాగున్నట్టే. జారిపోతే చిమ్నీ ఆపి, ఫిల్టర్లు తీసేసి మళ్లీ ఆన్ చేయండి. ఈసారి కాగితాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, తెరిచిన భాగానికి కాస్త దూరంలో ఉంచి చూడండి. చెయ్యి మాత్రం లోపలికి పెట్టవద్దు. ఫిల్టర్ లేనప్పుడు కాగితం బలంగా పైకి లేస్తే తప్పు ఫిల్టర్‌దే. అప్పుడు కూడా నీరసంగా ఊగుతుంటే తప్పు ఎక్కువసార్లు డక్టులో ఉంటుంది.

ఫిల్టర్ సంగతి త్వరగా తేలిపోతుంది. బాగా వేడిగా ఉన్న నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి అరగంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరాకే బిగించండి. వేయించే వంటలు ఎక్కువైతే జాలీ ఫిల్టర్‌ను వారం పది రోజులకోసారి, స్టీల్ బాఫిల్ ఫిల్టర్‌ను రెండు మూడు వారాలకోసారి కడగాలి. అల్యూమినియం జాలీని కాస్టిక్ సోడాలో ముంచవద్దు. నల్లబడి తినేసుకుపోతుంది.

అసలు తప్పు చాలాసార్లు వేరే చోట ఉంటుంది. చిమ్నీ పైన గొట్టం తగిలించే నోరు ఆరంగుళాలది, గోడకున్న కన్నం నాలుగంగుళాలది. కన్నం పెద్దది చేయడం ఎందుకులే అని మధ్యలో రెడ్యూసర్ వేసి సన్నటి గొట్టం తగిలిస్తారు. ఆరంగుళాల గొట్టంలో గాలికి దొరికే దారి సుమారు 28 చదరపు అంగుళాలు, నాలుగంగుళాల దాంట్లో పన్నెండున్నర. సగం కూడా లేదు. అంతే గాలిని ఆ సన్నటి దారిలో పంపాలంటే ఎదురయ్యే ఒత్తిడి ఏడు రెట్లు దాటుతుంది. ఫ్యాన్ అంత తోయలేదు కాబట్టి లాగే గాలి తగ్గిపోతుంది, మోత మాత్రం పెరుగుతుంది. మోత పెరిగి పొగ నిలిచిపోతుంటే ముందు ఈ ఇరుకునే అనుమానించండి. పెట్టె మీద రాసిన సక్షన్ అంకె చూసి ఇంకా పెద్ద చిమ్నీ కొన్నా ఇదే ఇరుకు ఎదురవుతుంది.

తర్వాత వంపులు. ఒక్క 90 డిగ్రీల వంపు, దాని తీరును బట్టి, సుమారు ఒకటిన్నర నుంచి మూడు మీటర్ల తిన్నని గొట్టానికి సమానమైన అడ్డు. వంపుకి రెండు మీటర్లు అనుకుని లెక్క వేయండి. రెండున్నర మీటర్ల డక్టుకు మూడు వంపులుంటే ఫ్యాన్‌కు అది ఎనిమిదిన్నర మీటర్లు. అదే గొట్టాన్ని వెనక గోడలోంచి నేరుగా తీసి మీటరున్నరకు, ఒకే వంపుకు తెస్తే లెక్క మూడున్నర మీటర్లు. ముడతల అల్యూమినియం గొట్టమైతే ఇంకా నష్టం. పూర్తిగా సాగదీయకుండా స్ప్రింగులా ఉంచితే ప్రతి ముడతా గాలిని ఆపుతుంది, ప్రతి ముడతలోనూ జిడ్డు దాక్కుంటుంది. ఫాల్స్ సీలింగ్ పైన ఉయ్యాలలా వేలాడితే ఆ కింది వంకలో నూనె చేరుతుంది. సీలింగ్ మీద గోధుమరంగు మరక కనిపిస్తే డక్టు కారుతోందేమో చూడండి.

బిగించేవాళ్లు వచ్చిన రోజు దగ్గరే నిలబడి, ఆ తర్వాత వాడేటప్పుడు కూడా ఇవి చూసుకోండి:

- చిమ్నీ నోరు ఎంతో గొట్టం చివరిదాకా అంతే. ఆరుకి నాలుగు వద్దు, కన్నం పెద్దది చేయించండి.
- నున్నటి గట్టి రేకు గొట్టం వాడండి. ప్లాస్టిక్ గొట్టం వద్దు, కరుగుతుంది, అంటుకుంటుంది.
- నోటి దగ్గరే వంపు తిప్పవద్దు, వీలైతే అరమీటరు తిన్నగా పోనివ్వండి.
- తప్పనిసరిగా తిప్పాల్సి వస్తే ఒక పదునైన వంపు బదులు రెండు 45 డిగ్రీల వంపులు.
- గొట్టం ఎక్కడా కిందికి వంకరగా వేలాడకూడదు.
- గాలి వెనక్కి రాకుండా నోట్లో ఉండే రెక్కలకు అంటించిన టేపు తీశారా? ఇప్పుడే చూడండి.
- బయటి మూతకు సన్నటి దోమజాలీ కొట్టవద్దు, జిడ్డుతో మూసుకుపోతుంది.
- ఫాల్స్ సీలింగ్ లోపల వదిలేయవద్దు. గొట్టం బయటి గాలిలోకే తెరుచుకోవాలి.
- ఆటోక్లీన్ బటన్ డక్టును శుభ్రం చేయదు.
- ఏడాదికోసారి డక్టు విప్పి లోపల టార్చ్ వేయండి. వేలికి మందంగా జిడ్డు అంటితే మార్చేయండి.
- తలుపులు, కిటికీలు అన్నీ మూసి చిమ్నీ నడపవద్దు. బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి.
- చిమ్నీ కింద మంట ఎగసేలా బర్నర్‌ను ఖాళీగా వదలవద్దు.
- బాణలిలో నూనె అంటుకుంటే, చెయ్యి సురక్షితంగా అందితే గ్యాస్, చిమ్నీ రెండూ ఆపండి. ఫ్యాన్ నడుస్తుంటే మంటను డక్టులోకి లాగుతుంది. మూత వేయండి. నీళ్లు పోయవద్దు.
- మంట అప్పటికే పైకి పోయిందా? బయటికి వచ్చేసి అగ్నిమాపక దళాన్ని పిలవండి.
- మళ్లీ చెబుతున్నాం: ఆరు నోటికి నాలుగు గొట్టం వద్దు.