బకెట్లతో నెమ్మది ఇసుక వడపోత – 2వ పాఠం: పొరలు పేర్చడం, ధార సరిచేయడం

మొదటి పాఠంలో 20 లీటర్ల బకెట్‌కు అడుగు దగ్గర, పక్కన రంధ్రం చేసి అరంగుళం ట్యాంక్ నిపుల్ బిగించాం. ఇప్పుడు దానికి బయటివైపు ఎల్బో తగిలించి, పీవీసీ పైపును బకెట్ పక్కనే నిలువుగా పైకి లేపాలి. దాని నోరు ఇసుక పైమట్టం కన్నా 5 సెం.మీ. ఎత్తున ఉండాలి. అప్పుడు పైనుంచి నీళ్లు పోయడం ఆపినా బకెట్లో మట్టం ఆ ఎత్తు దగ్గరే నిలిచిపోతుంది, ఇసుక ఎండదు. నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవుల పొర ఇసుక పైభాగంలోనే పెరుగుతుంది. అది ఆరితే చచ్చిపోతుంది. అలాగని చాలా లోతున నీళ్లు నిలిపినా దానికి ఆక్సిజన్ సరిగా అందదు.

పైపు పై కొసకు మూడు నోళ్ల టీ ముక్క పెట్టి, దాని పై నోరు తెరిచే ఉంచండి. పక్క నోటినుంచి నీళ్లు బయటికి వస్తాయి. దానికి ట్యూబు తగిలించి కిందికి వేలాడదీస్తే, పై నోరు మూసుకున్న రోజున అది సైఫన్‌గా మారి బకెట్‌ను రాత్రికి రాత్రే ఖాళీ చేస్తుంది. నీళ్లు గాల్లోంచి పడేలా ఉంచితే ఆ గొడవే ఉండదు.

లోపల 36 సెం.మీ. ఎత్తున్న బకెట్ అనుకుందాం. మార్కర్‌తో గోడమీద 6, 9, 26 సెం.మీ. దగ్గర గీతలు పెట్టండి. 6 దాకా 12 మి.మీ. కంకర, 9 దాకా 6 మి.మీ. చిప్స్, 26 దాకా ఇసుక. పైపు నోరు 31 దగ్గరికి వస్తుంది. ఇసుక దాదాపు 10 లీటర్లు పడుతుంది కానీ జల్లెడలో, కడగడంలో చాలా పోతుంది, 15 లీటర్లు తెచ్చుకోండి. రోబో శాండ్ బాగానే పనికొస్తుంది. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు వదలదు. రంధ్రాలు 1 మి.మీ. లోపు ఉన్న పిండి జల్లెడలోంచి కిందికి దిగినదే వాడాలి.

కడగడంలో తప్పు రెండు వైపులా జరుగుతుంది. తక్కువ కడిగితే మట్టి పేరుకుని నీళ్లు దిగవు. అతిగా కడిగితే సన్నని రేణువులూ పోయి నీళ్లు పరుగెడతాయి. గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి గిరగిరా తిప్పండి. తిప్పడం ఆపిన మూడు నాలుగు సెకన్లలో ఇసుక పైభాగం మసకగానైనా కనిపించాలి. అప్పుడు కడగడం ఆపేయండి. పైన నీళ్లు తేటగా అద్దంలా ఉండాలని చూడకండి.

కంకర, చిప్స్ వేశాక సగం బకెట్ నీళ్లు పోసి, ఆ నీళ్లలోకి మగ్గుతో ఇసుక గబగబా వేయండి. చిలకరించినట్టు వేస్తే ముతకది ముందు, సన్నది తరవాత కూర్చుని పొరలు పొరలుగా విడిపోతుంది. పొడి ఇసుక పోసి ఆపైన నీళ్లు పోస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. పైపు నోటినుంచి ధార ఆగి ఆగి వస్తుంటే కారణం చాలాసార్లు అదే. టీ పక్క నోరు మూసి, పై నోట్లో గరాటు పెట్టి కిందినుంచి మెల్లగా నీళ్లు ఎక్కిస్తే బుడగలు పైకి లేచిపోతాయి. ఇసుక మీద నేరుగా పోస్తే గుంట పడుతుంది, అందుకే సన్న రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ ప్లేటు మీద పోయండి.

ఇక ధార. మన బకెట్ వ్యాసం 28 సెం.మీ. అంటే ఇసుక వైశాల్యం సుమారు 616 చదరపు సెం.మీ. నెమ్మది వడపోతలో నీళ్లు గంటకు 10 నుంచి 20 సెం.మీ. చొప్పున దిగాలి. గంటకు 10 అయితే సుమారు 6 లీటర్లు, అంటే నిమిషానికి 100 మి.లీ. బకెట్‌ను 34 సెం.మీ. గీత దాకా నింపి, 200 మి.లీ. గ్లాసు ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. ఒకటి నుంచి రెండు నిమిషాలు పడితే సరిపోయింది. అంతకన్నా త్వరగా నిండితే నిలువు పైపులో చిన్న వాల్వ్ పెట్టి తగ్గించండి. మట్టం దిగేకొద్దీ ధార కూడా తగ్గుతుంది కనుక కొలిచేటప్పుడల్లా 34 దాకా నింపే కొలవాలి.

బొగ్గును మాత్రం ఇసుకలో కలపకండి, పొరగా కూడా వద్దు. దాని శక్తి తీరిపోయాక మార్చాలంటే ఇసుకంతా తవ్వాలి, పెరిగిన జీవపొర చెడిపోతుంది. అడుగున చిన్న కుళాయి ఉన్న రెండో బకెట్లో, శనగగింజంత ముక్కలు 5 లీటర్లు వేసి, పైపునుంచి పడే నీళ్లు దాని మీద పడేలా అమర్చండి. ముందు రాత్రి నానబెట్టకపోతే బొగ్గు తేలుతుంది. నల్లని నీళ్లు ఆగేదాకా కడగండి. వంటచెరకు బొగ్గు రంగును, వాసనను కొంత పట్టుకుంటుంది, అంతే. నల్లగొండ పిల్లలు ఫ్లోరైడ్ గురించి తప్పక అడుగుతారు: ఇసుకా బొగ్గూ దాన్ని తీయలేవు. ఆ జిల్లా పేరు మీదున్న పద్ధతిలో పటిక, సున్నం వాడేది అందుకే.

మొదటి రోజు వచ్చే నీళ్లు తేటగా కనిపించినా వాటిలో బ్యాక్టీరియా ఇంకా ఉంటుంది. జీవపొర పెరగడానికి రెండు మూడు వారాలు రోజూ నీళ్లు పోయాలి. క్లోరిన్ కలిపిన మున్సిపల్ కుళాయి నీళ్లు పోస్తే అది పెరగదు, చెరువు నీళ్లో బోరు నీళ్లో వాడండి. దీన్ని ప్రదర్శనకు పెట్టినప్పుడు ఎవరికీ ఈ నీళ్లు తాగడానికి ఇవ్వొద్దు. తర్వాతి పాఠంలో, ధార మందగించినప్పుడు ఇసుక పైపొరను ఎంత మేర గీకాలో చూద్దాం.