రీస్టార్ట్ అడిగిన ఇన్‌స్టాలర్‌కు ‘తర్వాత’ అని చెప్పే ముందు

నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసేవారికి 3బీ గడువు 20వ తేదీ. అందుకే 18, 19 తేదీల్లో నాకు వచ్చే ఫోన్లు ఎక్కువగా అకౌంటెంట్ల ఆఫీసుల నుంచే ఉంటాయి. డిజిటల్ సంతకం టోకెన్ కనిపించడం లేదనో, ప్రింటర్ కదలడం లేదనో చెబుతారు. ఆ హడావుడిలో పాత సాఫ్ట్‌వేర్ తీసేస్తారు, కొత్తది వేస్తారు. చివర్లో చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది: కంప్యూటర్‌ను ఇప్పుడే రీస్టార్ట్ చేస్తారా, తర్వాత చేస్తారా? ముందు పది ఎక్సెల్ ఫైళ్లు తెరిచి పెట్టుకున్న మనిషి ఏది నొక్కుతాడో చెప్పనక్కర్లేదు. చాలాకాలం నేనూ అదే నొక్కాను.

ఆ పెట్టె మర్యాద కోసం వచ్చేది కాదు. ఇన్‌స్టాలర్ తన పని పూర్తి చేయలేకపోయిందని, మిగిలిన పనిని ఇంకొకరికి అప్పగించిందని దాని అర్థం.

నడుస్తున్న ప్రోగ్రామ్ తన ఫైలు మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి తెచ్చుకోదు. కావలసిన భాగాన్ని కావలసినప్పుడు డిస్కు నుంచి చదువుకుంటుంది. సగం పాత ఫైలు చదివాక మిగతా సగం కొత్త ఫైలు నుంచి వస్తే ప్రోగ్రామ్ కూలిపోతుంది. అందుకే వాడుకలో ఉన్న ప్రోగ్రామ్ ఫైలును, అది వాడుకునే డీఎల్‌ఎల్ ఫైలును చెరిపేయడానికి గానీ దానిమీద రాయడానికి గానీ విండోస్ ఒప్పుకోదు. లినక్స్ ఈ విషయంలో వేరు. ఫైలు పేరును తీసేయనిస్తుంది, పాత సరుకును మాత్రం వాడుతున్న ప్రోగ్రామ్ వదిలేదాకా ఉంచుతుంది. అక్కడ ఇన్‌స్టాలర్‌కు అడ్డు తగలదు కానీ, నడుస్తున్న ప్రోగ్రామ్ పాతదిగానే నడుస్తుంది.

విండోస్‌లో దారి మూసుకుపోయిన ఇన్‌స్టాలర్ ఒక చీటీ రాసి పెడుతుంది. కొత్త ఫైలును పక్కనే వేరే పేరుతో దించి, ‘ఈసారి కంప్యూటర్ లేచేటప్పుడు దీన్ని అసలు పేరులోకి మార్చు’ అని రాస్తుంది. తీసేయవలసిన ఫైలైతే ‘దీన్ని చెరిపేయి’ అని రాస్తుంది. ఈ చీటీలన్నీ విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో `PendingFileRenameOperations` అనే ఒకే విలువలో వరుసగా చేరుతాయి. వాటిని చదివి అమలు చేసేది `smss.exe`. షాపు తెరవకముందే వచ్చి ఊడ్చిపోయే మనిషి లాంటిది అది. డిస్కు తనిఖీ అయ్యాక, ఇంకా ఎవరూ లాగిన్ కాకముందే, సర్వీసులు కూడా మొదలుకాకముందే వస్తుంది. ఆ వేళకు ఏ ఫైలూ ఎవరి చేతిలోనూ ఉండదు కాబట్టి మార్చడం సులువు.

ఆ చీటీలో ఉండేది ఫైలు పేరు, దారి మాత్రమే. అది ఏ వెర్షనో, ఎప్పటిదో రాసి ఉండదు. అసలు ప్రమాదం ఇక్కడే పుడుతుంది.

ఒక ఆఫీసులో జరిగింది చెబుతాను. 19వ తేదీ సాయంత్రం అక్కడి అకౌంటెంట్ పాత టోకెన్ డ్రైవర్‌ను తీసేశారు. సంతకం చేయించే చిన్న సహాయక ప్రోగ్రామ్ అప్పటికి వెనక నడుస్తూనే ఉంది, ఒక డీఎల్‌ఎల్ దాని పట్టులో ఉంది. దాన్ని చెరపలేక, తీసేసే ప్రోగ్రామ్ చీటీ రాసి రీస్టార్ట్ అడిగింది. ఆమె ‘తర్వాత’ నొక్కారు. ఆ తర్వాత గడియారం పక్కనున్న గుర్తు మీద కుడి క్లిక్ చేసి సహాయక ప్రోగ్రామ్‌ను మూసేసి, కొత్త డ్రైవర్ వేశారు. ఇప్పుడు ఆ ఫైలును పట్టుకున్నవారు ఎవరూ లేరు. కొత్త డీఎల్‌ఎల్ అదే ఫోల్డరులోకి, అదే పేరుతో నేరుగా వచ్చి కూర్చుంది. టోకెన్ పనిచేసింది, సంతకాలు పడ్డాయి. రాత్రి కంప్యూటర్ షట్‌డౌన్ చేసి ఇంటికి వెళ్లారు. 20న పొద్దున ఆన్ చేస్తే అంతా సవ్యంగానే ఉంది, రిటర్నులన్నీ వెళ్లిపోయాయి. 22న విండోస్ అప్‌డేట్ కోసం కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. ఆ తర్వాత టోకెన్ మాయం.

“నిన్నటిదాకా పనిచేసిందండీ, నేనేమీ ముట్టుకోలేదు” అన్నారామె. ఆ మాట నిజమే. డ్రైవర్ ఫోల్డరులో మిగతా ఫైళ్లన్నీ ఉన్నాయి, ఆ ఒక్క డీఎల్‌ఎల్ లేదు. పాత ఫైలు కోసం మూడు రోజుల క్రితం రాసిన చీటీ, అదే పేరున్న కొత్త ఫైలును చెరిపేసింది.

రుజువు రెండో కంప్యూటర్‌లో దొరికింది. అక్కడ కూడా ఆమె అదే వరుసలో పని చేశారు గానీ దాన్ని ఇంకా రీస్టార్ట్ చేయలేదు. విండోస్‌కు ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్‌లో ఈ ఒక్క వరుస చాలు:

```
(Get-ItemProperty 'HKLM:\SYSTEM\CurrentControlSet\Control\Session Manager').PendingFileRenameOperations
```

వచ్చిన జవాబు ఇలాంటిది (పేర్లు మార్చాను):

```
\??\C:\Program Files\Token\signer.dll

\??\C:\Program Files\Token\~new31.tmp
!\??\C:\Program Files\Token\tray.exe
```

దీన్ని రెండేసి వరుసలుగా చదవాలి. మొదటిది ఏ ఫైలు, రెండోది ఏ పేరులోకి. రెండో వరుస ఖాళీగా ఉంటే చెరిపేయమని అర్థం. అంటే పైన ఉన్న ఖాళీ వరుస ఏమీ లేనిది కాదు, `signer.dll`కు అదే మరణశాసనం. మూడు, నాలుగు వరుసలు మామూలు మార్పిడి. ఆశ్చర్యార్థకం ఉందంటే, ఆ పేరుతో ఇప్పటికే ఫైలు ఉన్నా దాని స్థానంలో దీన్ని పెట్టమని. ఈ ఆదేశానికి జవాబుగా ఏమీ రాకపోతే చీటీలు లేవన్నమాట. ఏదో ఒకటి కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. టెంప్ ఫోల్డరులోని చెత్త ఫైళ్లను చెరిపే చీటీలు తరచుగా ఉంటాయి, అవి ఎన్నాళ్లున్నా నష్టం లేదు. మీరు ఇప్పుడే వేసిన సాఫ్ట్‌వేర్ ఫోల్డరు పేరు కనిపిస్తేనే ఆలోచించాలి.

రెండో కంప్యూటర్‌ను నేను ముందు రీస్టార్ట్ చేశాను, చీటీని తన పని చేసుకోనిచ్చాను. అనుకున్నట్టే డీఎల్‌ఎల్ పోయింది. ఆ తర్వాత డ్రైవర్‌ను మళ్లీ వేశాను. పాతది తీసేయాలి, రీస్టార్ట్ చేయాలి, అప్పుడు కొత్తది వేయాలి. ఈ వరుస తప్పకపోతే ఇదంతా జరగదు. మంచి ఇన్‌స్టాలర్లు కొన్ని పాత ఫైలుకు ముందే వేరే పేరు పెట్టి, ఆ పేరు మీద చీటీ రాస్తాయి. వాటితో ఈ చిక్కు రాదు. మీ చేతిలో ఉన్నది అలాంటిదో కాదో బయటి నుంచి చూసి చెప్పలేం కాబట్టి ఆ భరోసా మీద పని చేయకండి.

ఇక ఆమె రాత్రి షట్‌డౌన్ చేసినా చీటీ ఎందుకు అమలు కాలేదు? దీన్ని చాలామంది నమ్మరు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. అది పెట్టి ఉన్న కంప్యూటర్‌లో షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ లోపలి భాగం డిస్కులోని `hiberfil.sys` ఫైలులో నిద్రపోతుంది. పొద్దున ఆన్ చేస్తే అది నిద్రలేస్తుంది, అంతే. మొదటి నుంచి మొదలుకాదు, ఊడ్చే మనిషి రాడు. రీస్టార్ట్ నొక్కినప్పుడు మాత్రం మొత్తం దిగి మొత్తం లేస్తుంది. కాబట్టి ఇన్‌స్టాలర్ అడిగింది రీస్టార్ట్ అయితే రీస్టార్టే చేయండి, ‘రాత్రి ఎలాగూ ఆపేస్తాను కదా’ అనుకోకండి. రాత్రికి ఆపేయడమే కావాలంటే షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ నొక్కండి, లేదా ఈ ఆదేశం ఇవ్వండి. ఇది వెంటనే షట్‌డౌన్ మొదలుపెడుతుంది, ముందే సేవ్ చేసుకోండి:

```
shutdown /s /t 0
```

నిజంగా రీస్టార్ట్ అయిందా అన్నది టాస్క్ మేనేజర్ చెబుతుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ నొక్కితే కింద `Up time` అని ఉంటుంది. రోజులు, గంటలు, నిమిషాలు, సెకన్లు. ఇప్పుడే ఆన్ చేసిన కంప్యూటర్‌లో అది `6:02:14:40` అని చూపిస్తే, ఆరు రోజులుగా అసలైన రీస్టార్ట్ జరగలేదన్నమాట.

మరి వాయిదా వేయడమే తప్పా? కాదు. సంతకాలు మధ్యలో ఉన్నప్పుడు, ఎవరికో ఫైలు పంపుతున్నప్పుడు గంటా రెండు గంటలు ఆగితే ఏమీ కాదు. ఆ మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ వేయకండి, తీయకండి. ఇప్పుడే వేసిన ప్రోగ్రామ్‌తో ముఖ్యమైన పనీ మొదలుపెట్టకండి. మారిన ఫైళ్లు కొన్ని, మారవలసినవి కొన్ని కలిసి ఉన్న స్థితి అది. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ పాత ఫైలునే వాడుతుంది, కొత్తగా తెరిచినది మారిన ఫైళ్లను తీసుకుంటుంది. ఒకటి రాసినది మరొకటి చదవలేకపోవచ్చు. ఎప్పుడూ చూడని పొరపాటు సందేశం వస్తే ముందు దాన్ని వెతకడం మాని రీస్టార్ట్ చేసి చూడండి. వేసింది భద్రతా అప్‌డేట్ అయితే ఇంకో చిక్కుంది. రీస్టార్ట్ అయ్యేదాకా మెమరీలో నడుస్తున్నది పాత కోడే, కన్నం మూసినట్టు కాదు.

చీటీలు ఉన్నాయని కొన్ని ఇన్‌స్టాలర్లు ముందుకు కదలవు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ సెటప్ దీనికి పేరుపడింది. రిజిస్ట్రీలోని ఆ విలువను చెరిపేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారు కనిపిస్తారు. చెరిపేస్తే సెటప్ కదులుతుంది, నిజమే. ఇంకొక సాఫ్ట్‌వేర్ సగంలో ఆగిపోతుంది, దాని కొత్త ఫైలు తాత్కాలిక పేరుతోనే ఉండిపోతుంది. రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఆ విలువను తెరిచి ఒకటి రెండు వరుసలు సరిచేద్దామనుకోవడం అంతకన్నా ప్రమాదం. ఆ రకం విలువలో ఖాళీ వరుసలు ఉండకూడదంటూ ఎడిటర్ ఒక హెచ్చరిక చూపించి, సేవ్ చేసేటప్పుడు వాటిని తీసేస్తుంది. ఖాళీ వరుస పోతే జతలు ఒక మెట్టు జారతాయి. పైన చూపిన జాబితాలో అది పోతే, చెరిపేయవలసిన `signer.dll`ను `~new31.tmp` అనే పేరులోకి మార్చమన్నట్టు అవుతుంది. చూడడానికి పవర్‌షెల్ వాడండి, ఎడిటర్ తెరిస్తే ఓకే నొక్కకుండా బయటకు రండి.

చాలా కంప్యూటర్లకు ఆదేశాలతో ఎంఎస్‌ఐ ప్యాకేజీలు వేసేవారికి ఒక మాట: ముగింపు సంఖ్య 3010 వస్తే అది విఫలం కాదు, పని అయింది గానీ రీస్టార్ట్ బాకీ ఉందని. దాన్ని పొరపాటుగా లెక్కేసి వెంటనే మళ్లీ వేసే స్క్రిప్టులు చూశాను.

రీస్టార్ట్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద ఉందో లేదో చూడండి. మళ్లీ లేచాక పవర్‌షెల్ వరుసను ఇంకోసారి ఇవ్వండి, మీ సాఫ్ట్‌వేర్ పేరు అందులో ఉండకూడదు. ఆ తర్వాత టోకెన్ పెట్టి ఒక సంతకం చేసి చూడండి. ఆ ఆఫీసులో ఇప్పుడు డ్రైవర్ల పనంతా 10వ తేదీ లోపే ముగిస్తున్నారు.