పొగమంచు ఉదయాల్లో బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు: నడిచేవారికి, సైకిల్ తొక్కేవారికి కొన్ని జాగ్రత్తలు

కార్తీకం గడిచినప్పటి నుంచి సంక్రాంతి వరకు తెలుగునాట తెల్లవారుజామున రోడ్డు సరిగా కనిపించదు. ఐదు గంటలకు బయలుదేరినవారి నడక సగం చీకటిలోనే సాగుతుంది; కాలువ గట్ల వెంట, చెరువుల పక్కన మంచు దట్టంగా పట్టిన రోజున వాహనం బాగా దగ్గరికి వస్తే తప్ప దాని లైటు కూడా కంటపడదు. అలాంటి వేళ వెనుక నుంచి వచ్చేదాన్ని పసిగట్టే భారం దాదాపుగా చెవుల మీదే పడుతుంది. చెవిని మూయవు కదా అని బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు కొన్నవారు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. ఇవి చెవి రంధ్రాన్ని తెరిచి ఉంచే మాట నిజమే గానీ, ఆ రంధ్రం లోపల జరిగే వినికిడికి అవి అడ్డు రావని మాత్రం చెప్పలేము. ఈ కాలంలో తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ ఈ తేడా నుంచే పుడతాయి.

మామూలు ఇయర్‌ఫోన్ గాలిని కదిలిస్తుంది. ఆ కదలిక కర్ణభేరిని తాకి, మధ్య చెవిలోని మూడు చిన్న ఎముకల గుండా లోపలి చెవిలోని కాక్లియాకు చేరుతుంది. బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్‌కు రెండు వైపులా ఉండే చిన్న దిమ్మలు చెవి రంధ్రానికి కాస్త ముందు, చెంప ఎముక వెనుక కొస మీద ఆనుకొని కూర్చుంటాయి. వాటి లోపలి కాయిల్, అయస్కాంతం కలిసి పుట్టించే ప్రకంపన చర్మం గుండా పుర్రె ఎముకలోకి, అక్కడి నుంచి ప్రధానంగా నేరుగా కాక్లియాకు వెళుతుంది. ఈఎన్‌టీ డాక్టరు ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి, దాని కాడను చెవి వెనుక ఎముకకు ఆనించి చేసే పరీక్షలో వినిపించేది కూడా ఈ దారిన వచ్చే శబ్దమే.

కొన్న వస్తువు నిజంగా ఇదేనా అన్నది ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే చెవి దగ్గర చిన్న స్పీకరు పెట్టి గాలిలోకే శబ్దం వదిలే చవక రకాలను కూడా బోన్ కండక్షన్ పేరుతో అమ్ముతున్నారు. ఏదైనా ప్రసంగం పెట్టుకుని, రెండు చెవి రంధ్రాలను వేళ్లతో గట్టిగా మూసి చూడండి. గొంతు తగ్గిపోతే అది మామూలు స్పీకరే. గొంతు తగ్గకపోగా మరింత బరువుగా, తల మధ్యలో మోగుతున్నట్టు వినిపిస్తే అది బోన్ కండక్షన్. రంధ్రం మూసుకున్నప్పుడు దాని గోడల కంపనం వల్ల పుట్టే మంద్రశబ్దం బయటికి పోలేక కర్ణభేరి వైపు తిరుగుతుంది కాబట్టి అలా జరుగుతుంది.

చలికాలపు మొదటి ప్రమాదం సరిగ్గా ఇక్కడే పొంచి ఉంటుంది. చలికి మంకీ క్యాప్ దించుకుంటాము, లేదా మఫ్లర్‌ను చెవుల మీదుగా బిగించి చుట్టుకుంటాము. ఉన్ని వేలంత గట్టిగా మూయదు గనుక పైన చెప్పినంత మార్పు రాదు. అయినా గాలి హోరు తగ్గుతుంది, దిమ్మలు చెంపకు మరింత హత్తుకుంటాయి, పాట హఠాత్తుగా బాగుందనిపిస్తుంది. అదే సమయంలో బయటి శబ్దాలలో హెచ్చు శ్రుతిలో ఉండే సన్ననివి, అంటే టైరు రోడ్డు మీద చేసే సరసర, సైకిల్ చెయిన్ చప్పుడు, వెనుక మనిషి అడుగుల అలికిడి వంటివి ఉన్ని పొరల్లో అన్నిటికంటే ముందు అణగిపోతాయి. చెవి తెరిచి ఉండాలని పెట్టిన ఖర్చు ఒక మఫ్లర్‌తో వృథా అయినట్టే. తలకు, మెడకు ఎంత వెచ్చదనం కావాలంటే అంత ఇవ్వండి, చెవి రంధ్రాన్ని మాత్రం వదిలేయండి. చెవులు చలికి తట్టుకోలేనివారు ఆ ఉదయానికి హెడ్‌ఫోన్‌ను ఇంట్లో ఉంచి మంకీ క్యాప్‌తో వెళ్లడం మేలు.

రెండవది వాల్యూమ్. శబ్దం ఏ దారిన వచ్చినా చేరేది ఒకే కాక్లియాకు. అక్కడ పాట బలంగా ఉంటే దాని కింద టైరు చప్పుడు మునిగిపోతుంది. రంధ్రం బార్లా తెరిచి ఉన్నా ఇది తప్పదు. దీని పరిణామం ఎంతటిదో ఒక ఉదాహరణగా లెక్క వేసి చూద్దాం. మీరు సైకిల్ మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నారు, వెనుక నుంచి ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ 45 కిలోమీటర్ల వేగంతో వస్తోంది అనుకుందాం. ఇద్దరి మధ్య దూరం సెకనుకు సుమారు 7 మీటర్ల చొప్పున తరుగుతుంది. ఇంజన్ మోత లేని బండి గనుక మీకు ఆనవాలు దాని టైరు చప్పుడొక్కటే. అది 21 మీటర్ల దూరంలో ఉండగా వినిపిస్తే మీకు మూడు సెకన్లు ఉంటాయి: అద్దంలో చూసి, హ్యాండిల్ నిలకడగా పట్టుకుని, గుంతను తప్పించడానికి కుడికి తిరగబోతున్నవారు ఆగిపోవడానికి ఆ మాత్రం చాలు. పాట హోరులో అదే చప్పుడు 7 మీటర్లకు వచ్చేదాకా తెలియకపోతే మిగిలేది ఒక సెకను. అందులో ఉలిక్కిపడటం తప్ప ఏమీ చేయలేము.

కాబట్టి వాల్యూమ్‌ను ఇంట్లో కూర్చుని కాకుండా మీరు వెళ్లే రోడ్డు పక్కనే నిర్ణయించుకోవాలి. వాహనాల రద్దీ లేని చోట, రోడ్డు అంచు దాటి నిలబడి, తోడుగా వచ్చినవారిని సైకిల్ మీద మీ వెనుక నుంచి బెల్లు కొట్టకుండా పక్కగా రమ్మనండి. ముందు ఏమీ పెట్టుకోకుండా, ఆ టైరు చప్పుడు ఎంత దూరంలో తెలిసిందో నేల మీద గుర్తు పెట్టండి. తరువాత మీరు మామూలుగా వినేదే పెట్టుకుని, వాల్యూమ్ ఒక్కో మెట్టు పెంచుతూ అదే పని మళ్లీ మళ్లీ చేయించండి. ఆ గుర్తు దగ్గర చప్పుడు వినిపించడం ఏ మెట్టు మీద ఆగిపోయిందో చూసుకుని, అక్కడి నుంచి రెండు మెట్లు దిగితే అదే మీ హద్దు. లారీ పక్కనుంచి పోతున్నప్పుడు మాట వినిపించకపోతే లారీని పోనివ్వండి. అందుకోసం వాల్యూమ్ పెంచితే, లారీ వెళ్లిపోయాక దాన్ని మళ్లీ తగ్గించేవారు అరుదు.

వాల్యూమ్ పెంచాలన్న కోరిక ఎక్కడి నుంచి పుడుతుందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే అది ఈ పరికరపు స్వభావంలోనే ఉంది. మంద్రశబ్దాన్ని గట్టిగా పుట్టించాలంటే దిమ్మ ఎక్కువ దూరం ఊగాలి. చర్మానికి ఆనించిన చిన్న దిమ్మ అంతగా ఊగలేదు, ఊగితే శబ్దానికి బదులు చెంప మీద చక్కిలిగింత తెలుస్తుంది. కచేరీ రికార్డింగు పెట్టి చూడండి. గాత్రం, వయొలిన్ స్పష్టంగానే ఉంటాయి. మృదంగం కుడి వైపు పలుకులు కూడా వినిపిస్తాయి. ఎడమ వైపు తొప్పి గుంభనం మాత్రం సగానికి సగం మాయమవుతుంది. సినిమా పాటలో డప్పు, బేస్ గిటార్ కూడా అంతే. పైగా పుర్రె ఒక్కటే కాబట్టి ఎడమ దిమ్మ కంపనం కుడి కాక్లియాకు కూడా దాదాపు అంతే బలంగా చేరుతుంది, స్టీరియో సరిగా విడివడదు. ఒక వైపు దిమ్మను పక్కకు జరిపి రెండో చెవిని ఖాళీగా ఉంచుకున్నామని తృప్తిపడేవారికి కూడా అదే కారణం చేత ఒరిగేదేమీ లేదు. ఈ లోటును ఈక్వలైజర్‌లో బేస్ పెంచి పూడ్చాలనుకోవడం వృథా ప్రయాస. చక్కిలిగింత పెరుగుతుంది, బ్యాటరీ తరుగుతుంది. మాట స్పష్టతను పెంచే అమరిక ఉంటే దాన్ని ఎంచుకోండి. ఇటీవల కొన్ని ఖరీదైన నమూనాల్లో మంద్రం కోసం గాలిలోకి వదిలే స్పీకరును కూడా చేర్చారు; వాటిలో సంగీతం మెరుగే గానీ, వాల్యూమ్ హద్దు విషయంలో వాటికి మినహాయింపేమీ లేదు. నా అభిప్రాయంలో రోడ్డు మీద వీటిని ప్రవచనాలకు, వార్తలకు, దారి చెప్పే మ్యాప్ గొంతుకు పరిమితం చేసి, ఇష్టమైన సంగీతాన్ని ఇంటికి వచ్చాక మంచి హెడ్‌ఫోన్‌లో వినడం ఉత్తమం. ఫోన్ సంభాషణ వేరే సంగతి. వాల్యూమ్ ఎంత తక్కువగా ఉన్నా, జవాబు చెప్పవలసిన మాట మనసును రోడ్డు మీద నుంచి లాగేస్తుంది; ఆగి మాట్లాడండి.

బిగింపు సరిగా లేకపోయినా వాల్యూమ్ పెరిగిపోతుంది. మెడ వెనుక వచ్చే వంకీ జాకెట్ కాలరుకో మఫ్లర్ ముడికో తగిలితే, తల తిప్పి వెనుకకు చూసిన ప్రతిసారీ దిమ్మ ఎముక మీద నుంచి లేస్తుంది, శబ్దం ఒక్కసారిగా పలచబడుతుంది. అలా పలచబడినప్పుడు వేలు బటన్ మీదికి వెళ్లకుండా, కాలరును కిందికి మడవండి. చలికాలంలో ముఖానికి రాసుకునే కోల్డ్ క్రీమ్, వేజలీన్ కూడా దిమ్మను జారనిస్తాయి. అది ఆనే చోట తుడిచి పెట్టుకోవాలి. సైకిల్ తొక్కేవారు హెల్మెట్ పట్టీ దిమ్మ మీదుగా పోకుండా, చెవికి రెండు వైపులా విడిపోయేలా సర్దుకోవాలి. కళ్లద్దాల కాడ, హెడ్‌ఫోన్ కొక్కెం, పట్టీ మూడూ ఒకే చెవి మీద చేరితే అరగంటకు నొప్పి మొదలవుతుంది. నొప్పి వచ్చేంత బిగుతు వల్ల శబ్దం పెద్దగా మెరుగుపడదు.

కర్ణభేరిని తాకదు కాబట్టి చెవికి హాని లేదన్న ప్రచారాన్ని నమ్మకండి. పెద్ద శబ్దానికి దెబ్బతినేది కాక్లియాలోని సూక్ష్మమైన రోమకణాలే, ఈ కంపనం చేరేదీ అక్కడికే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పే హద్దు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. అయితే ఫోన్ తెర మీద కనిపించే డెసిబెల్ అంకె గాలి ద్వారా వినేవాటిని ఉద్దేశించినది గనుక, బోన్ కండక్షన్‌కు దాన్ని ప్రమాణంగా తీసుకోకూడదు. నడక ముగిశాక చెవిలో గింగురుమంటే వాల్యూమ్ ఎక్కువైందని అర్థం. వయసుతో కాక్లియా బలహీనపడి వినికిడి తగ్గినవారికి ఈ పద్ధతి అదనంగా వినిపించదు. వారికి టైరు చప్పుడు మామూలుగానే తక్కువ గనుక, మంచు పట్టిన రోజున ఏదీ పెట్టుకోకపోవడమే మంచిది.

ఫుట్‌పాత్ లేని చోట నడిచేవారు కుడి అంచున, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా నడిస్తే చెవుల మీది భారం కొంత తగ్గుతుంది. సైకిల్‌కు ఆ వీలు లేదు. ఎడమ పక్కనే వెళ్లాలి, కాబట్టి అద్దం, వెనుక ఎర్ర లైటు రెండూ ఉండాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ వంటి చోట వాహనాల బెడద లేదు గానీ, ఇంటి నుంచి అక్కడికి చేరే రోడ్డు ఉంది. ట్రాక్ మీద పెట్టుకున్న వాల్యూమ్‌తోనే తిరుగు ప్రయాణానికి బయలుదేరకండి. కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువారికి ఒక మాట: అక్కడి చట్టం సైకిల్ తొక్కేవారు రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడాన్ని నిషేధిస్తుంది. చెంప మీద ఆనేవి దాని కిందికి రావని అమ్మేవారు చెప్పినంత మాత్రాన పోలీసు ఒప్పుకుంటారన్న భరోసా లేదు.

మంచుకు, చెమటకు తడిసిన హెడ్‌ఫోన్‌ను ఇంటికి రాగానే చార్జింగ్‌కు పెట్టకూడదు. నీటికి, దుమ్ముకు తట్టుకునే స్థాయి ఐపీ55 అయినా, ఐపీ67 అయినా ఆ రక్షణ వాడకంలో తగిలే నీటి నుంచే. చార్జింగ్ పిన్నుల మీద చెమట ఉప్పు ఉండగా కరెంటు పారితే అవి నల్లబడి తుప్పు పడతాయి. మంచినీటితో తడిపిన గుడ్డతో దిమ్మలను, పిన్నులను తుడిచి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాతే తీగ తగిలించండి.