120 హెర్ట్జ్ ఫోన్ కొన్నా తేడా తెలియట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

మా తమ్ముడు కొత్త ఫోన్ తీసుకుని వారం తిరక్కుండానే నా దగ్గరికొచ్చాడు. "అన్నా, 120 హెర్ట్జ్ అన్నారు, టచ్ శాంప్లింగ్ 480 అన్నారు, నాకేమో పాత ఫోన్‌లాగే ఉంది" అని. చేతిలోకి తీసుకుని రెండుసార్లు స్క్రోల్ చేస్తే వాడు చెప్పింది నిజమే. ఫోన్‌లో లోపం ఏమీ లేదు, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంది, అంతే. అది ఆన్‌లో ఉంటే చాలా ఫోన్లు స్క్రీన్‌ని చడీచప్పుడు లేకుండా 60కి దించేస్తాయి.

ముందు ఈ రెండు అంకెల సంగతి చెప్పుకుందాం. రిఫ్రెష్ రేట్ అంటే స్క్రీన్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మని మార్చి చూపిస్తుందో ఆ లెక్క. 60 అయితే ప్రతి 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి, 120 అయితే ప్రతి 8.3 మిల్లీసెకన్లకి ఒకసారి. టచ్ శాంప్లింగ్ రేట్ అంటే మీ వేలు ఎక్కడుందో ఫోన్ సెకనుకి ఎన్నిసార్లు చూసుకుంటుందో ఆ లెక్క. రెండిటికీ హెర్ట్జ్ అనే వాడతారు కాబట్టి రెండూ ఒకటే అనుకుని, 480 హెర్ట్జ్ స్క్రీన్ అని మురిసిపోయేవాళ్లని కూడా చూశాను.

సమస్య: 120 అని రాసుంది, కంటికి మాత్రం ఏమీ తేడా లేదు

అసలు 120 నడుస్తోందో లేదో చూడండి. ఆండ్రాయిడ్‌లో `About phone` లోకి వెళ్లి `Build number` మీద ఏడుసార్లు నొక్కితే `Developer options` తెరుచుకుంటుంది, అందులో `Show refresh rate` ఆన్ చేస్తే స్క్రీన్ మూలన అంకె కనిపిస్తూ ఉంటుంది. వేలు తీసేసి ఊరుకున్నప్పుడు ఆ అంకె పడిపోతే కంగారు పడకండి, బ్యాటరీ ఆదా కోసం అలా తగ్గేలాగే చేశారు. మీరు స్క్రోల్ చేస్తున్నంతసేపు ఎంత చూపిస్తోందన్నదే అసలు విషయం.

స్క్రోల్ చేస్తున్నా 60 దగ్గరే ఉంటే మొదట బ్యాటరీ సేవర్ తీసేయండి, తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ ఎక్కువదానికి పెట్టి ఉందో లేదో చూడండి. కొన్ని ఫోన్లు బాక్స్‌లోంచి తీసినప్పుడు 60 మీదే ఉంటాయి. ఫోన్ బాగా వేడెక్కినా తగ్గిస్తుంది, కాసేపు పక్కన పెట్టి మళ్లీ చూడండి. 120 ఉన్న ఐఫోన్లలో అయితే `Low Power Mode` ఒక కారణం, `Accessibility` లో `Motion` కింద ఉండే `Limit Frame Rate` ఇంకో కారణం. ఈ రెండిట్లో ఏది ఆన్‌లో ఉన్నా 60 దాటదు.

అన్నీ సరిగ్గానే ఉండి, వీడియో చూస్తున్నప్పుడు మాత్రం తేడా లేదంటే అది సమస్యే కాదు. సెకనుకి 30 ఫ్రేములతో తీసిన వీడియోని 120 స్క్రీన్ మీద వేస్తే ఒక్కో బొమ్మ నాలుగుసార్లు చూపిస్తుంది, లేని కదలికని ఎక్కడినుంచి తెస్తుంది? ఒక్క చిన్న లాభం ఉంది. సినిమాలు సాధారణంగా సెకనుకి 24 ఫ్రేములు. 60లో 24 సమానంగా ఇమడదు, ఒక ఫ్రేమ్ రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపించాల్సి వస్తుంది, కెమెరా మెల్లగా పక్కకి తిరిగే సీన్లలో ఆ తడబాటు కొందరికి తెలుస్తుంది. 120లో అయితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదుసార్లు. గేమ్ సంగతీ ఇంతే, గేమ్ 60 ఫ్రేముల దగ్గర ఆగిపోయేలా చేసి ఉంటే స్క్రీన్ ఎంతదైనా మీకు కనిపించేది 60 బొమ్మలే. గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్ ఆప్షన్ ఉంటే అక్కడ మార్చుకోవాలి.

మరి తేడా నిజంగా ఎక్కడ తెలుస్తుంది? అక్షరాలు కదిలే చోట. ఏదైనా పెద్ద పేజీ తెరిచి, వేలు ఎత్తకుండా సెకనుకి 10 సెంటీమీటర్ల వేగంతో పైకి లాగండి. 60లో అక్షరం ఒక్కో బొమ్మకీ మధ్య సుమారు 1.7 మిల్లీమీటర్లు దూకుతుంది. మీ కన్ను మాత్రం దూకదు, నున్నగా దాని వెంట వెళ్తుంది. బొమ్మ ఒకచోట ఆగి ఉండగా కన్ను ముందుకి జరగడం వల్ల అక్షరం దాదాపు అంతే వెడల్పున అలికినట్టు కనిపిస్తుంది. ఫోన్‌లో అక్షరం ఎత్తే రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో, ఇంక చదివేదేముంది! 120లో ఆ అలుకు 0.8కి తగ్గుతుంది, అప్పుడు స్క్రోల్ అవుతుండగానే హెడ్డింగులు చదవగలుగుతారు. 144లో అది 0.7. 60 నుంచి 120కి వెళ్లినప్పుడు ఒక్కో బొమ్మకి 8.3 మిల్లీసెకన్లు కలిసొచ్చింది, 120 నుంచి 144కి 1.4 మాత్రమే. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి నాకు తెలియకుండా మార్చి చూపిస్తే 144 ఏదో చెప్పగలనని నేనైతే పందెం కాయను.

సమస్య: 120 చూపిస్తోంది, అయినా స్క్రోల్ కుదుపులతో వెళ్తోంది

ఇక్కడ వెనకబడుతోంది స్క్రీన్ కాదు, బొమ్మని తయారుచేసే ప్రాసెసరో యాపో. 120 మీద ప్రతి బొమ్మనీ 8.3 మిల్లీసెకన్లలో సిద్ధం చేయాలి. ఒకటి 12 పట్టిందంటే దాని వంతు తప్పిపోతుంది, పాత బొమ్మే ఇంకోసారి కనిపిస్తుంది, మీకది చిన్న కుదుపులా తగులుతుంది. ఒకే యాప్‌లో అలా ఉంటే ఆ యాప్ బరువు, దాన్ని అప్‌డేట్ చేసి చూడటం తప్ప మీ చేతిలో పెద్దగా ఏమీ లేదు. అన్నిచోట్లా ఉంటే వేడి, నిండిపోయిన స్టోరేజ్, వెనకాల నడుస్తున్న డౌన్‌లోడ్లు చూసుకోండి. ఇవన్నీ చేసినా తగ్గకపోతే 90 ఆప్షన్ ఉందేమో చూసి దానికి మార్చండి, లేకపోతే 60. తడబడే 120 కంటే నిలకడగా నడిచే 60 కంటికి హాయిగా ఉంటుంది.

సమస్య: వేలు ముందు వెళ్తోంది, ఐకాన్ వెనక వస్తోంది

టచ్ శాంప్లింగ్ తక్కువని అందరూ అనుమానించేది ఇక్కడే. ఇంకో ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో పెట్టి, మీ ఫోన్ స్క్రీన్ మీద స్క్రోల్ చేస్తూ తీయండి. తర్వాత ఆ వీడియోని ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ, వేలు కదలడం మొదలైన ఫ్రేమ్ నుంచి పేజీ కదలడం మొదలైన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ 4.2 మిల్లీసెకన్లు. ఉదాహరణకి 15 ఫ్రేములు వచ్చాయంటే ఆలస్యం దాదాపు 62 మిల్లీసెకన్లు. వేలు సెకనుకి 10 సెంటీమీటర్లు వెళ్తుంటే పేజీ 6 మిల్లీమీటర్లు వెనకబడి ఉన్నట్టు. పనిలో పనిగా, పేజీ కదలడం మొదలయ్యాక ఒక్కో బొమ్మ ఎన్ని ఫ్రేములు నిలుస్తోందో కూడా చూడండి. నాలుగైతే 60 నడుస్తోంది, రెండైతే 120. మూలన అంకె చూపించే ఆప్షన్ లేని ఫోన్లకి ఇదే పరీక్ష.

ఇప్పుడు ఆ ఆలస్యంలో టచ్ శాంప్లింగ్ వాటా ఎంతో చూద్దాం. 120 సార్లు చూసే స్క్రీన్‌కి మీ వేలి సంగతి తెలియడానికి సగటున 4.2 మిల్లీసెకన్లు పడుతుంది, 240 అయితే 2.1, 480 అయితే ఒకటి. అంటే 120 నుంచి 240కి మారితే ఆదా అయ్యేది 2 మిల్లీసెకన్లు, మీ స్లో మోషన్ వీడియోలో సగం ఫ్రేమ్. అదే వేలు వేగంతో చూస్తే 0.2 మిల్లీమీటర్లు. మిగతా ఆలస్యమంతా ఎక్కువగా ఆ సమాచారం యాప్‌కి చేరి, యాప్ బొమ్మ గీసి, అది స్క్రీన్ మీదకి వచ్చే దారిలో పోతుంది. ఆ దారిలో చాలా పనులు స్క్రీన్ బొమ్మ మార్చే లయ ప్రకారమే నడుస్తాయి, రెండు మూడు బొమ్మల సమయం ఖర్చవుతుంది. మూడు బొమ్మలు అనుకుంటే 60లో 50 మిల్లీసెకన్లు, 120లో 25. అందుకే వేలి వెనక ఐకాన్ ఆలస్యంగా వస్తోందనిపిస్తే పెంచాల్సింది ముందు రిఫ్రెష్ రేట్.

ఇక టచ్ అసలు పట్టకపోవడం, గీత వణకడం అనేవి వేరే జబ్బు. `Developer options` లోనే `Pointer location` ఆన్ చేసి, ఒక మూల నుంచి ఇంకో మూలకి మెల్లగా ఏటవాలు గీత గీయండి. ఛార్జర్ తగిలించినప్పుడు గీత వంకర్లు పోయి, తీసేస్తే తిన్నగా వస్తే దోషం ఛార్జర్‌ది, మంచిది మార్చండి. గీత మధ్యలో ప్రతిసారీ ఒకేచోట తెగితే ముందు స్క్రీన్ గార్డ్ తీసేసి చూడండి. అయినా అక్కడే తెగితే అది సర్వీస్ సెంటర్ పని. తడి వేళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

సమస్య: గేమ్ కోసం 480 చూసి కొన్నాను, పని చేస్తోందా లేదా?

చాలా ఫోన్లలో ఆ పెద్ద అంకె ఎప్పుడూ నడవదు, గేమ్ మోడ్‌లో మాత్రమే, అదీ అక్కడ టచ్ సెట్టింగ్ ఆన్ చేస్తేనే. బాక్స్ మీద "ఇన్‌స్టంట్" అని కలిపి రాసుంటే అది ఎప్పుడూ ఉండే వేగం కాదని గట్టిగా అనుమానించండి. గేమ్ 60 ఫ్రేముల మీదే ఆడుతుంటే ఆ అంకె ఉన్నా లేనట్టే. 90 లేదా 120 మీద షూటింగ్ గేమ్ రెండు బొటనవేళ్లతో విసురుగా ఆడేవాళ్లకి గురి కాస్త నిలకడగా అనిపించవచ్చు. నాకైతే అనిపించలేదు, నేను అంత బాగా ఆడనులెండి.

అంకె తేడా కళ్ల ముందు కనిపించేది బొమ్మలు గీసేటప్పుడు. డ్రాయింగ్ యాప్‌లో వేలితో గబగబా పెద్ద సున్నాలు చుట్టండి. వేలు సెకనుకి 50 సెంటీమీటర్లు పరిగెడితే, 60 సార్లు చూసే స్క్రీన్‌కి దొరికే చుక్కల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. వాటిని గీతలతో కలిపితే సున్నా కాస్తా మూలలున్న బొమ్మ అవుతుంది. 120కి ఆ దూరం 4, 240కి 2. రెండు మిల్లీమీటర్ల దగ్గర మూలలు దాదాపు కనిపించవు, ఆపైన పెంచితే కంటికి దొరికేది తక్కువ. ఒక్క మాట, కొన్ని యాప్‌లు చుక్కలని సొంతంగా వంపు తిప్పి నున్నగా చేసేస్తాయి, కాబట్టి రెండు ఫోన్లని పోల్చేటప్పుడు రెండిట్లోనూ అదే యాప్ వాడండి.

తమ్ముడు బ్యాటరీ సేవర్ తీసేశాక ఫోన్ అదిరిపోయిందన్నాడు. రెండో రోజుకే ఛార్జింగ్ నిలవట్లేదని మళ్లీ ఆన్ చేసుకున్నాడు.